ఆరుగురు ఇంజినీర్లు, మూడు నెలలు, ఒక్క అంకె

"మీది బస్సు టికెట్లు అమ్మే యాప్. మీ దగ్గర ఆరుగురు ఇంజినీర్లున్నారు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా గడువు. చేయాల్సిన పనులు నాలుగున్నాయి, నాలుగూ కుదరవు. ఏది ముందు చేస్తారు? ఏది పక్కన పెడతారు? చేసిన పని ఫలించిందని ఏ ఒక్క అంకె చూపించి నన్ను ఒప్పిస్తారు?"

ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగానికి వెళ్లినవాళ్లకు ఏదో ఒక రౌండ్‌లో ఇలాంటి ప్రశ్న తప్పదు. బస్సు టికెట్ల బదులు కిరాణా డెలివరీ ఉండొచ్చు, బ్యాంకు యాప్ ఉండొచ్చు. ఇంజినీర్లు తక్కువ, కోరికలు ఎక్కువ అన్న ఇరుకు మాత్రం మారదు. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో ఈ ఉద్యోగానికి పోటీ పడుతున్న తెలుగు యువతలో చాలామంది ఇంజినీరింగ్ చదివినవాళ్లే. వాళ్లకు ఏం కట్టాలో చెబితే కట్టి చూపించడం తెలుసు. ఏం కట్టకూడదో తేల్చి చెప్పమన్నప్పుడే మాట తడబడుతుంది.

ఈ ఉద్యోగంలో చిక్కు ఏమిటంటే, ప్రొడక్ట్ మేనేజర్ కోడ్ రాయరు. ఇంజినీర్లు ఆ మనిషి కింద పనిచేయరు కూడా, వాళ్లకు వేరే మేనేజర్ ఉంటారు. అధికారం లేనిచోట మాట చెల్లాలంటే లెక్క గట్టిగా ఉండాలి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు వెతికేది ఆ లెక్కనే. సరైన జవాబు వాళ్ల దగ్గర కూడా ఉండదు. మీ వరుస ఏ ఊహ మీద నిలబడిందో, ఆ ఊహను లాగేస్తే ఏమవుతుందో చూస్తారు.

బస్సు టికెట్ల ఉదాహరణకు మన దగ్గర నిజమైన మూలమే ఉంది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సులో సీటు దొరకని ఫణీంద్ర సామ అనే తెలుగు ఇంజినీరు, ఇద్దరు మిత్రులతో కలిసి 2006లో రెడ్‌బస్‌ను మొదలుపెట్టారు. ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా ఉందో అప్పట్లో ట్రావెల్స్ వాళ్ల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. అసలు సమాచారం యాప్ చేతిలో కాక ఆపరేటర్ల చేతిలో ఉండటం ఈ వ్యాపారానికి పుట్టుకతో వచ్చిన లక్షణం. ఇంటర్వ్యూ లెక్కలో కూడా అది అడ్డం వస్తుంది.

ఇక ఒక రౌండ్‌ను మొదటినుంచి నడిపి చూద్దాం. యాప్‌కు పేరు లేదు, అంకెలన్నీ ఊహించినవే. ఇంటర్వ్యూలో కూడా కొన్ని అంకెలు అడిగి తెలుసుకోవాలి, కొన్ని ఊహించి పైకి చెప్పాలి. ఈ యాప్‌లో నెలకు 1,00,000 టికెట్లు తెగుతాయని అనుకుందాం. లెక్క తేలికగా ఉండటానికి టికెట్‌కు ఒక్క సీటే అనుకుందాం.

నాలుగు పనుల్లో మొదటిది, బస్సు ఇప్పుడెక్కడుందో మ్యాప్ మీద చూపించడం. రెండోది పేమెంట్ గొడవ. "డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు" అన్న ఫిర్యాదు ఈ రంగంలో అందరికీ తెలిసిందే. మూడోది, యాప్‌ను తెలుగులోనూ మరికొన్ని భాషల్లోనూ అందించడం. నాలుగోది, ట్రావెల్స్ వాళ్లు చివరి నిమిషంలో బస్సు రద్దు చేస్తే ప్రయాణికుడికి వెంటనే మరో బస్సులో సీటు చూపించి, వద్దంటే డబ్బు వాపసు ఇవ్వడం.

ముందు లెక్కించాల్సింది మనుషుల్ని

చాలామంది నేరుగా ఫీచర్ల మీదికి దూకుతారు. బాగా సిద్ధమైన అభ్యర్థి ముందు ఇంజినీర్ల గురించి అడుగుతుంది. "ఆరుగురిలో ఎవరు ఏ పని చేస్తారు?"

జవాబు ఇలా వచ్చిందనుకుందాం: సర్వర్ వైపు, అంటే బ్యాకెండ్‌లో ఇద్దరు. ఫోన్లో కనిపించే యాప్‌ను రాసేవాళ్లు ముగ్గురు. టెస్టింగ్‌కు ఒకరు.

ఆరుగురు, 12 వారాలు. కాగితం మీద అది 72 వారాల శ్రమ. కానీ దసరా, దీపావళి సెలవులుంటాయి. పాత కోడ్‌లో లోపాలు బయటపడుతూనే ఉంటాయి. అర్ధరాత్రి సర్వర్ ఆగితే ఎవరో ఒకరు లేవాలి. వీటికి మూడో వంతుకు కాస్త తక్కువగా, 30 శాతం తీసేస్తే మిగిలేది దాదాపు 50 వారాలు. ఈ కోత చెప్పని అభ్యర్థిని ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇట్టే పసిగడతారు. అసలు జట్టుతో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు ఎవరూ 72 అనరు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఆ 50 వారాలూ ఒకే రకం శ్రమ కాదు. బ్యాకెండ్ వాళ్లిద్దరికీ కలిపి మిగిలేది సుమారు 17 వారాలే. యాప్ రాసేవాళ్లు సర్వర్ పని అందుకోలేరు, టెస్టింగ్ వాళ్లు అసలే అందుకోలేరు. కాబట్టి ఏ పనినైనా రెండు అంకెలతో తూచాలి: మొత్తం ఎన్ని వారాలు, అందులో బ్యాకెండ్ ఎన్ని వారాలు.

ఇంజినీర్లను అడిగితే వచ్చిన అంచనాలు ఇవి. బస్సు జాడ చూపించడానికి మొత్తం 30 వారాలు, అందులో బ్యాకెండ్ 18. పేమెంట్ బాగుచేయడానికి 12, అందులో బ్యాకెండ్ 7. భాషలకు 15, కానీ బ్యాకెండ్ 3 మాత్రమే, మిగిలింది తెరలు మార్చడం, పరీక్షించడం. రద్దయిన బస్సుల పనికి 9, అందులో బ్యాకెండ్ 5.

ఇంత తెలిశాక ఒక విషయం తేటపడుతుంది. బస్సు జాడ అనే ఒక్క పనే బ్యాకెండ్ వాళ్ల 17 వారాలనూ మింగి ఇంకో వారం అడుగుతుంది. దాన్ని మొదలుపెట్టామంటే ఈ మూడు నెలల్లో సర్వర్ వైపు ఇంకేమీ జరగదు. మిగతా మూడూ కలిపితే బ్యాకెండ్‌కు 15 వారాలు, మొత్తం 36. రెండు వైపులా సరిపోతుంది. మొత్తం శ్రమనే చూసినవాళ్లకు 30 వారాల బస్సు జాడతో పాటు 12 వారాల పేమెంట్ కూడా 50లో ఇమిడిపోతుందని అనిపిస్తుంది. అలా ఒప్పుకున్న జట్లకు నవంబర్‌లో తెలిసొస్తుంది: యాప్ వాళ్లు చేతులు కట్టుకు కూర్చుంటారు, బ్యాకెండ్ వాళ్లు రాత్రుళ్లు పనిచేస్తుంటారు, రెండు పనులూ సగంలో ఉంటాయి.

రైస్ లెక్క, దాని బలం, దాని బలహీనత

ఇప్పుడు వరుస వేయాలి. దీనికి అందరూ వాడే పద్ధతుల్లో ఒకటి రైస్. ఇంటర్‌కామ్ అనే కంపెనీలో ప్రొడక్ట్ మేనేజర్‌గా పనిచేసిన షాన్ మెక్‌బ్రైడ్, ఆయన సహచరులు దీన్ని తయారు చేశారు. ఎంతమందిని తాకుతుంది, ఒక్కొక్కరి మీద ఎంత ప్రభావం, మన అంచనా మీద మనకెంత నమ్మకం: ఈ మూడింటినీ గుణించి, శ్రమతో భాగిస్తారు. ప్రభావానికి 3 నుంచి 0.25 దాకా మెట్లున్నాయి. నమ్మకానికి 100, 80, 50 శాతాలు.

అభ్యర్థి బోర్డు మీద రాస్తుంది. పేమెంట్: నెలకు "పే" బటన్ 1,20,000 సార్లు నొక్కుతున్నారు, టికెట్లు 1,00,000 వస్తున్నాయి. అంటే 20,000 పోతున్నాయి, మూడు నెలలకు 60,000. ప్రభావం 2, నమ్మకం 80 శాతం, శ్రమ 12 వారాలు. ఫలితం 8,000. భాషలకు 90,000 మంది, ప్రభావం 1, నమ్మకం 50 శాతం, 15 వారాలు: 3,000. బస్సు జాడ చూపాలంటే ఆపరేటర్ బస్సులో జీపీఎస్ ఉండాలి. సగం బస్సుల్లోనే ఉందనుకుంటే 1,50,000 మంది, ప్రభావం 1, నమ్మకం 50 శాతం, 30 వారాలు: 2,500. రద్దయిన బస్సులు నూటికి మూడు. 9,000 మంది, ప్రభావం 3, నమ్మకం 80 శాతం, 9 వారాలు: 2,400.

చూడ్డానికి బాగుంది. పేమెంట్ అందరికంటే ముందుంది, మిగతా మూడూ వెనక గుంపుగా ఉన్నాయి. చాలామంది ఇక్కడ మార్కర్ కింద పెట్టేస్తారు. అసలు ప్రశ్నలు ఇక్కడినుంచే మొదలవుతాయి.

"ఆ 20,000 ఎవరు?" అని అడుగుతారు ఎదుట కూర్చున్నాయన.

ఆ ఒక్క ప్రశ్నలో ఉచ్చు ఉంది. 1,20,000 అనేది బటన్ నొక్కిన సార్లు. మనుషుల సంఖ్య కాదు. మొదటిసారి యూపీఐ తిరగబడితే మనం ఏం చేస్తాం? ఇంకో బ్యాంకు ఖాతా ఎంచుకుని మళ్లీ నొక్కుతాం. అలా రెండో ప్రయత్నంలో టికెట్ దొరికినవాళ్లు కూడా ఆ 20,000లో ఒకసారి విఫలమైనట్టే లెక్కకొచ్చారు. వాళ్లు 12,000 అనుకుంటే, నిజంగా టికెట్ లేకుండా వెళ్లిపోయినవాళ్లు నెలకు 8,000, మూడు నెలలకు 24,000. అదే లెక్క మళ్లీ వేస్తే 8,000 కాస్తా 3,200 అవుతుంది. పేమెంట్ ఇంకా ముందే ఉంది, కానీ భాషల కంటే అడుగు దూరంలోనే. అంకె ఇంతగా పడినా వరుస మారలేదని గమనించి ఆ మాట పైకి చెప్పడం, ఈ రౌండ్‌లో అభ్యర్థి చేయగలిగిన మంచి పనుల్లో ఒకటి.

ఇలాగే ఇంకో తాడు లాగి చూడాలి. బస్సు జాడ మీద నమ్మకం 50 బదులు 80 అనుకుంటే దాని అంకె 2,500 నుంచి 4,000కు ఎగబాకి అన్నింటికంటే పైకి వచ్చేస్తుంది. ఒక ఊహ మారితే మూడో స్థానంలోని పని అగ్రస్థానానికి వచ్చే పట్టికను నమ్మి మూడు నెలల జీతాలు ఖర్చు పెట్టలేం. అయితే బ్యాకెండ్ 18 వారాలన్న అడ్డంకి ఈ నమ్మకంతో నిమిత్తం లేకుండా అలాగే నిలబడుతుంది. అందుకే ఆ పనిని ఈసారి ఆపడానికి రైస్ అంకె కంటే ఆ అడ్డంకే గట్టి కారణం.

రైస్‌లో మరో లోపం ఉంది, దాని గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. రద్దయిన బస్సు 9,000 మందినే తాకుతుంది కాబట్టి పట్టికలో అట్టడుగున పడింది. కానీ ఆ 9,000 మందిలో ఒకరు రాత్రి పదకొండింటికి మియాపూర్‌లో సంచులతో, పిల్లలతో నిలబడి, పొద్దున విజయనగరంలో పెళ్లికి అందాల్సిన మనిషి. ఆపరేటర్ ఫోన్ ఎత్తడు. యాప్‌లో "రద్దయింది, డబ్బు ఏడు పనిదినాల్లో వస్తుంది" అని ఉంటుంది. ప్రభావానికి అత్యధిక మెట్టు 3. ఆ మనిషికి జరిగిన నష్టాన్ని ఆ 3 పట్టుకోలేదు. ప్రభావం అనే గడిలో ఏం నింపాలో రైస్ చెప్పదు. దేని మీద ప్రభావం అన్నది మనమే తేల్చుకోవాలి. ప్రశ్నలోని రెండో సగం, ఆ ఒక్క అంకె, ఇక్కడ అవసరమవుతుంది.

అంకె మారితే వరుస మారుతుంది

ఏది ముందు అన్నదాన్నీ, ఏ అంకె అన్నదాన్నీ రెండు వేర్వేరు ప్రశ్నలుగా చూసేవాళ్లు మొదట వరుస వేసి, చివర్లో దానికో కొలమానం అతికిస్తారు. నిజానికి కొలమానం ముందు తేలాలి. ఎందుకో ఇదే ఉదాహరణలో కనిపిస్తుంది.

విజయాన్ని "యాప్ ఎన్నిసార్లు తెరిచారు" అన్నదాంతో కొలుద్దామంటే బస్సు జాడ తిరుగులేని విజేత. బస్సు కోసం ఎదురుచూసే మనిషి పది నిమిషాల్లో పదిసార్లు తెరుస్తాడు. "చిన్న ఊళ్ల నుంచి వచ్చిన కొత్త కస్టమర్లు" అంటే భాషలు ముందుకొస్తాయి. "తెగిన టికెట్లు" అంటే పేమెంట్ మొదట నిలుస్తుంది, రద్దయిన బస్సుల పనికి ఒక్క మార్కు కూడా రాదు. ఎందుకంటే రద్దయిన టికెట్ కూడా తెగిన టికెట్టే.

మన అభ్యర్థి ఎంచుకున్నది వేరు: "వారంలో ప్రయాణం పూర్తయిన సీట్లు". టికెట్ కొన్న మనిషి ఆ రోజు ఆ బస్సులోనో, యాప్ చూపించిన మరో బస్సులోనో ఊరు చేరాలి. అప్పుడే ఒకటి లెక్కకొస్తుంది. ప్రయాణికుడు యాప్‌కు డబ్బు కట్టింది టికెట్ కోసం కాదు, ఊరు చేరడం కోసం. ఆపరేటర్‌కూ బస్సు నడిస్తేనే ఆదాయం నిలుస్తుంది. యాప్ కమిషన్ కూడా వాపసు పోకుండా మిగిలేది అప్పుడే. ముగ్గురికీ ఒకే చోట లాభం కలిసే అంకె ఇది.

ఇప్పుడు ఒక్కో పనినీ ఈ అంకెలోనే తూచాలి. మూడు నెలల్లో టికెట్ దొరకక వెళ్లిపోయిన 24,000 మందిలో మూడో వంతును నిలబెట్టగలిగితే 8,000 సీట్లు. 12 వారాలకు పంచితే వారం శ్రమకు సుమారు 670. రద్దయిన 9,000 మందిలో సగాన్ని వేరే బస్సు ఎక్కించగలిగితే 4,500 సీట్లు, వారానికి 500. భాషల వల్ల 90,000 మందిలో నూటికొకరు అదనంగా కొంటారనుకుంటే 900 సీట్లు, వారానికి 60. బోర్డింగ్ పాయింట్ దగ్గర బస్సు తప్పిపోయేవాళ్లు నూటికొకరు, జాడ చూపిస్తే వాళ్లలో సగం ఎక్కుతారనుకుంటే 750 సీట్లు, 30 వారాల శ్రమకు వారానికి 25.

రైస్ పట్టికలో ఆఖరున ఉన్న రద్దు బస్సుల పని రెండో స్థానానికి వచ్చింది. పని మారలేదు, మనుషుల సంఖ్య మారలేదు. మారింది కొలిచే అంకె ఒక్కటే. ఇది బోర్డు మీద వేసి చూపించగలిగిన అభ్యర్థి ఇంకేం చెప్పకపోయినా సగం రౌండ్ గెలిచినట్టే.

పేమెంట్ పనిలో ఏం చేస్తారో కూడా నాలుగు మాటల్లో చెప్పగలగాలి, లేకపోతే 12 వారాలన్న అంచనా గాలిలో ఉంటుంది. సీటు ఎంచుకోగానే యాప్ దాన్ని కొన్ని నిమిషాలు మనకోసం పట్టి ఉంచుతుంది. యూపీఐ లావాదేవీ "పెండింగ్"లో పడితే ఆ గడువు దాటిపోయి, సీటు మరొకరికి వెళ్లిపోతుంది. ఈలోగా మన ఖాతాలోంచి డబ్బు పోతుంది. మందు ఏమిటంటే, పెండింగ్‌లో ఉన్నంతసేపూ గడువు పొడిగించాలి, పేమెంట్ ఏమైందో పదేపదే కనుక్కోవాలి, విఫలమైతే పేర్లు, వయసులు మళ్లీ నింపమనకుండా అదే తెరమీద రెండో దారి చూపించాలి. గడువు పొడిగించాలంటే ఆపరేటర్ ఒప్పుకోవాలి. బ్యాకెండ్ 7 వారాలు అడిగింది ఇందుకే.

వరుసలో తేదీకి కూడా చోటుంది, రైస్‌లో అది లేదు. సంక్రాంతి జనవరి మధ్యలో. ఆ రద్దీకి ముందు నుంచే కొత్త కోడ్ విడుదల చేయడం ఆపేస్తారు, పండగ వారంలో యాప్ పడిపోతే నష్టం కోలుకోలేనిది. కాబట్టి పేమెంట్, రద్దు బస్సులు నవంబర్ చివరికి పూర్తవ్వాలి. భాషలు డిసెంబర్‌లో వచ్చినా కొంప మునగదు. బస్సు జాడను పూర్తిగా వదిలేయకుండా, హైదరాబాద్-విజయవాడ దారిలో జీపీఎస్ ఉన్న ఒక్క ఆపరేటర్‌తో, ఆయన దగ్గరున్న లింకునే ఎస్ఎంఎస్‌లో పంపి చూడొచ్చు. కోడ్ దాదాపు అక్కర్లేదు. బస్సు తప్పిపోయేవాళ్లు నిజంగా తగ్గుతారా అన్నది దాంతో తెలుస్తుంది. తర్వాతి మూడు నెలలకు నమ్మకం 50 శాతమా 80 శాతమా అన్న వాదన అక్కర్లేకుండా పోతుంది.

అంకెను కాపాడుకోవడం

ఇక్కడ ఎదుటివైపు నుంచి దాడి మొదలవుతుంది. "డిస్కౌంట్లు ఇస్తే మీ సీట్లు రేపే పెరుగుతాయి కదా?" పెరుగుతాయి. అందుకే పక్కన ఒక కాపలా అంకె పెట్టాలి: సీటుకు మిగిలే ఆదాయం తగ్గకూడదు. "పండగ వారంలో ఎలాగూ పెరుగుతుంది, అది మీ గొప్పా?" కాదు. అందుకే కొత్త మార్పును ముందు సగం మంది ప్రయాణికులకే ఇచ్చి, అదే వారంలో మిగతా సగంతో పోల్చాలి. "ఇవాళ కొన్న టికెట్ ప్రయాణం ఇరవై రోజుల తర్వాత. అప్పటిదాకా గుడ్డిగా ఉంటారా?" ఈ అంకెకు ఉన్న నిజమైన బలహీనత ఇదే, దీన్ని దాచకూడదు. మధ్యలో చూసుకోవడానికి తొందరగా తేలే అంకె ఒకటి కావాలి. పేమెంట్ విషయంలో అది, టికెట్ కొనబోయిన నూరుమంది మనుషుల్లో ఎంతమందికి చివరికి దొరికింది అన్నది. మన లెక్క ప్రకారం 1,08,000 మందిలో 1,00,000 మందికి దొరుకుతోంది, అంటే నూటికి దాదాపు 93. అనుకున్న మూడో వంతు నిలబడితే అది 95 కావాలి.

ఇంకా లోతైన ప్రశ్న ఒకటుంది. మనిషి నిజంగా ఊరు చేరాడని యాప్‌కు ఎలా తెలుస్తుంది? బస్సు దగ్గర పేర్లు చూసుకునే కుర్రాడు ప్రతిసారీ ఫోన్లో నమోదు చేయడు. కాబట్టి రద్దు కాలేదు, డబ్బు వాపసు అడగలేదు, రెండు రోజుల్లో ఫిర్యాదు రాలేదు అంటే చేరినట్టే అనుకోవాలి. ఆ నిర్వచనంతోనే ఒక దొడ్డిదారి తెరుచుకుంటుంది. ఫిర్యాదు చేసే బటన్‌ను మూడు తెరల వెనక దాచేస్తే అంకె పెరుగుతుంది! ఎవరూ చెడు ఉద్దేశంతో చేయనక్కర్లేదు. అంకె పెరగాలని అందరి మీదా ఒత్తిడి ఉన్నప్పుడు అలాంటి తెరలు వాటంతటవే పుట్టుకొస్తాయి. ప్రతి వారం కొంతమంది ప్రయాణికులను యాదృచ్ఛికంగా ఎంచి, "ఊరు చేరారా?" అని ఒక్క ప్రశ్న పంపి, వచ్చిన జవాబులతో అంకెను సరిచూడాలి. తన కొలమానాన్ని ఎలా మోసం చేయొచ్చో తానే చెప్పిన అభ్యర్థిని ఎదుటివాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో కస్టమర్‌కు ఎనిమిది ఖాతాలో కార్డులో అమ్మాలని లక్ష్యం పెట్టుకుంది. ఒత్తిడి తట్టుకోలేని ఉద్యోగులు కస్టమర్లకు తెలియకుండానే ఖాతాలు తెరిచారు. 2016లో నియంత్రణ సంస్థలు 18.5 కోట్ల డాలర్ల జరిమానా వేశాయి. అలా తెరిచి ఉండొచ్చని భావించిన ఖాతాలు 35 లక్షల దాకా ఉన్నాయని మరుసటి ఏడాది తేలింది. కస్టమర్‌కు మేలు జరిగిందా అన్నది ఆ అంకెలో ఎక్కడా లేదు. దానికి కాపలా అంకె కూడా లేదు.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ యూట్యూబ్. మొదట్లో అక్కడ విజయమంటే వ్యూస్. దాంతో ఆశపెట్టే బొమ్మ, మోసపు శీర్షిక ఉన్న వీడియోలకు లాభం వచ్చేది, నొక్కినవాడు వెంటనే బయటికి వచ్చేసినా ఒక వ్యూ పడేది. 2012లో సిఫార్సుల పద్ధతిని, ఎంతసేపు చూశారు అన్నదాని మీదికి మార్చారు. వ్యూస్ పడిపోయాయి. వీడియోలు పెట్టేవాళ్లు గగ్గోలు పెట్టారు. అయినా వెనక్కి తగ్గలేదు. రోజుకు వంద కోట్ల గంటలు అన్న లక్ష్యం పెట్టుకుని 2016లో చేరుకున్నారు. పాత అంకె పడిపోతుంటే కొత్త అంకెను పట్టుకుని నిలబడటం ఎంత కష్టమో ఆ మొదటి నెలల్లో అక్కడ పనిచేసినవాళ్లకే తెలియాలి. అయితే కథ అక్కడితో ఆగలేదు. ఎక్కువసేపు చూసినంత మాత్రాన మేలు జరిగినట్టు కాదని ఆ సంస్థే తర్వాత ఒప్పుకోవాల్సి వచ్చింది. తప్పుదోవ పట్టించే వీడియోల సిఫార్సులు తగ్గిస్తామని 2019 జనవరిలో ప్రకటించింది. మంచి అంకెకు కూడా కాలం తీరుతుంది.

కాబట్టి "మీ అంకె తప్పని తేలితే?" అన్న ఆఖరి ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉండాలి, తేదీతో సహా. "నవంబర్ మధ్యలో కొత్త పేమెంట్ పద్ధతిని సగం మందికి ఇస్తాం. రెండు వారాల్లో నూటికి 93 అన్నది 95కు దగ్గరగా కూడా రాకపోతే, వెళ్లిపోయినవాళ్లు పేమెంట్ వల్ల కాక ధర చూసి వెళ్తున్నారని అర్థం. అప్పుడు దాన్ని పొడిగించను, బ్యాకెండ్ వాళ్లను రద్దు బస్సుల పనికి పూర్తిగా మారుస్తాను." ఇలా చెప్పగలిగిన మనిషి మాట మీదే ఇంజినీర్లు తమ మూడు నెలలు పెట్టడానికి ఇష్టపడతారు.

ఈ రౌండ్‌కు సిద్ధమవుతున్నవాళ్లు పద్ధతుల పేర్లు బట్టీ పట్టడం కంటే ఇలా చేస్తే మేలు. మీ ఫోన్లో రోజూ వాడే ఒక యాప్ తీసుకోండి. నాలుగు పనులు రాయండి. ఎవరు తక్కువున్నారో ఊహించి శ్రమను రెండు అంకెలుగా విడదీయండి. ఒక కొలమానం ఎంచుకుని, ఆ నాలుగింటినీ దాంట్లోనే తూచండి. తర్వాత ఆ కాగితాన్ని నాలుగేళ్లు కోడ్ రాసిన మిత్రుడి ముందు పెట్టి, శ్రమ అంచనాలు దిద్దమనండి. మీరు 7 వారాలు రాసిన చోట 14 అని వస్తే ఆశ్చర్యపోవద్దు. ఆ అంకెలతో వరుస మళ్లీ వేయండి.